టూబీలో బిల్లు కనిపించినా క్రెడిట్ పోతుందా? సప్లయర్ రిటర్ను వేయనప్పుడు కొన్నవాడికి ఉన్న దారులు

ప్రశ్న: బెంగళూరులో ఎస్.జె.పి. రోడ్డు దగ్గర నాకు చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. మాది హిందూపురం. 2024 జనవరి నుంచి మార్చి వరకు ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర 6,30,000 రూపాయల సరుకు కొన్నాను. దాని మీద జీఎస్టీ 1,13,400. పదహారు బిల్లులు, ఒక్కోటి 50,000 లోపే. డబ్బంతా బ్యాంకు ద్వారానే కట్టాను. బిల్లులన్నీ పోర్టల్‌లో నా కొనుగోళ్లను చూపే జీఎస్టీఆర్-2బిలో, అంటే టూబీలో కనిపించాయి కాబట్టి ఆ పన్నును నా అమ్మకాల పన్నులో తగ్గించుకునే క్రెడిట్ తీసుకున్నాను. ఇప్పుడు ఆయన రిటర్ను వేయలేదనీ, ఆ క్రెడిట్‌ను వడ్డీతో సహా కట్టమనీ డీఆర్‌సీ-01ఎ వచ్చింది. ఆయన దుకాణం మూసేశాడు, ఫోను ఎత్తడం లేదు. ఆయనకు ఒకసారి కట్టిన పన్ను ప్రభుత్వానికి నేను మళ్లీ ఎందుకు కట్టాలి? ఏం చేయమంటారు?

సమాధానం:

మీకు వచ్చిన డీఆర్‌సీ-01ఎ ఇంకా డిమాండ్ నోటీసు కాదు. నోటీసు ఇవ్వబోయే ముందు, లెక్క ఇది, కడతారా, అభ్యంతరం ఉందా అని అడిగే కాగితం. మీ చేతిలో ఎక్కువ దారులు ఉన్నది ఈ దశలోనే. జవాబుకు గడువు తేదీ అందులోనే రాసి ఉంటుంది. ఆ తేదీ దాటితే డీఆర్‌సీ-01 అనే అసలు నోటీసు వస్తుంది. అప్పటి నుంచి జరిమానా మాట కూడా మొదలవుతుంది. కాబట్టి ఆవేదన ఎంత ఉన్నా ముందు ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

నేను బెంగళూరులో వ్యాట్ రోజుల నుంచీ చిన్న వ్యాపారుల లెక్కలు చూస్తున్నాను. మీలాంటి కేసులో వ్యాపారులందరూ పొరబడే చోటు ఒకటే. టూబీలో బిల్లు కనిపిస్తే పన్ను ప్రభుత్వానికి చేరినట్టే అనుకుంటారు. అది నిజం కాదు. అమ్మినవాడు రెండు వేర్వేరు కాగితాలు వేయాలి. జీఎస్టీఆర్-1లో ఎవరికి ఎంత అమ్మాడో రాస్తాడు. మీ టూబీలోకి వచ్చేది అదే. జీఎస్టీఆర్-3బిలో పన్ను లెక్క చూపించి డబ్బు కడతాడు. మొదటిది వేసి రెండోది వేయకుండా ఊరుకుంటే, మీ టూబీలో బిల్లు నిక్షేపంగా ఉంటుంది, ఖజానాలో మాత్రం రూపాయి పడదు. టూబీలో ఆ సప్లయర్ త్రీబీ వేశాడా లేదా అనే వివరం ఉండదు. జీఎస్టీఆర్-2ఎను ఎక్సెల్‌గా దించుకుంటే ఆ వివరానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. టూబీ వచ్చాక టూఏను తెరిచి చూసేవాళ్లు చాలా తక్కువ.

మీ కేసులో ఇంకొకటి గమనించండి. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారి ఒక నెల త్రీబీ ఎగ్గొడితే, తరువాతి నెల జీఎస్టీఆర్-1 వేయడానికి పోర్టల్ ఒప్పుకోదు. 2022 జనవరి నుంచి ఉన్న కట్టుబాటు ఇది. అంటే అలాంటివాడి బిల్లులు పన్ను కట్టకుండా మీ టూబీలోకి వచ్చేది మహా అయితే ఒక నెలవి. మీకు మూడు నెలల బిల్లులూ వరుసగా వచ్చాయంటే ఆయన దాదాపు ఖాయంగా మూడు నెలలకోసారి రిటర్ను వేసేవాడు. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఉంది. వాళ్లు మొదటి రెండు నెలల బిల్లులను ఐఎఫ్ఎఫ్ అనే చిన్న పత్రంలో ఎక్కిస్తారు, మూడో నెలవి జీఎస్టీఆర్-1లో వేస్తారు. త్రీబీ మాత్రం మూడు నెలలకూ కలిపి ఒకటే. కర్ణాటకలో ఆ జనవరి నుంచి మార్చి దాకా ఉన్న త్రైమాసికానికి గడువు 2024 ఏప్రిల్ 22. ఆయన మూడు నెలలు అమ్మి, మీ దగ్గర పన్నుతో సహా వసూలు చేసుకుని, ఆ ఒక్క పత్రం దగ్గర ఆగిపోయాడు.

మీరు అడిగిన న్యాయం ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. సీజీఎస్టీ చట్టం 16వ సెక్షన్‌లో క్రెడిట్‌కు ఉన్న షరతుల్లో ఒకటి, ఆ పన్ను నిజంగా ప్రభుత్వానికి చేరి ఉండాలి. మీరు సప్లయర్‌కు కట్టడం ఒక షరతు, ఆయన ప్రభుత్వానికి కట్టడం ఇంకొక షరతు. రెండోది మీ చేతిలో లేకపోయినా దాని ఫలితం మీ మీద పడుతుంది. నిజాయితీగా కొన్నవాడికి ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. కానీ ఆ షరతు చెల్లదని కోర్టులన్నీ ఒప్పుకోలేదు. కొన్ని హైకోర్టులు దాన్ని సమర్థించాయి కూడా. కాబట్టి మీ జవాబును "ఇది అన్యాయం" అనే మాట మీద నిలబెట్టకండి. ఈ పన్నును సప్లయర్ దగ్గర వసూలు చేసే అధికారం శాఖకు ఉంది, ఆ పని ముందు చేయాలి అనే మాట మీద నిలబెట్టండి.

గడువుల సంగతి కూడా తెలుసుకోండి, అధికారి లెక్క వేసేది దాని మీదే. 2022 డిసెంబర్ 26న వచ్చిన 37ఎ నియమం ప్రకారం, మీరు క్రెడిట్ తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబర్ 30 లోగా సప్లయర్ త్రీబీ వేయకపోతే, మీరు నవంబర్ 30 లోగా ఆ క్రెడిట్‌ను వెనక్కి ఇచ్చేయాలి. మీకు ఆ తేదీలు 2024 సెప్టెంబర్ 30, 2024 నవంబర్ 30. ఆ రోజుకు వెనక్కి ఇచ్చి ఉంటే ఈ నియమం కింద వడ్డీ మాట వచ్చేది కాదు. అది దాటిపోయింది కాబట్టే వడ్డీ అడుగుతున్నారు. అయితే అదే నియమంలో మీకు పనికొచ్చే రెండో సగం ఉంది. సప్లయర్ ఎప్పుడైనా ఆ త్రీబీ వేస్తే, వెనక్కి ఇచ్చిన క్రెడిట్‌ను మీరు మళ్లీ తీసుకోవచ్చు.

ఇక చేయవలసిన పని. దుకాణం మూసేశాడు, ఫోను ఎత్తడం లేదు అన్నారు. మీరు చూసింది అంతే. ఆ మనిషి వ్యాపారం పూర్తిగా మానేశాడా, లేక ఇక్కడ మూసి ఇంకొక చోట తెరిచాడా? దీన్ని ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఆయన బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరు చూడండి. పదిహేను అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రానివి, కర్ణాటకకు 29. మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్న పది అక్షరాలు ఆయన పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో Search Taxpayer కింద Search by PAN తెరిచి ఆ పది అక్షరాలు కొట్టండి. ఆ పాన్ మీద ఏ రాష్ట్రంలో ఎన్ని రిజిస్ట్రేషన్లు ఉన్నాయో, ఏది నడుస్తోందో, ఏది రద్దయిందో వరుసగా వస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు.

ఇది ఎందుకు ముఖ్యమో నా దగ్గర జరిగిన కేసుతో చెబుతాను. మైసూరు రోడ్డులో ప్లైవుడ్ వ్యాపారం చేసే ఒకాయనకు అచ్చంగా మీ పరిస్థితే వచ్చింది. పన్ను 2,16,000. సప్లయర్ గోదాముకు తాళం, తలుపు మీద అద్దెకిస్తామన్న కాగితం. ఇక డబ్బు పోయినట్టేనని ఆయన అన్నారు. పాన్ కొట్టి చూస్తే తమిళనాడులో, హోసూరు చిరునామాతో, అదే పాన్ మీద ఇంకొక రిజిస్ట్రేషన్ నడుస్తోంది. గత నెల త్రీబీ కూడా వేసి ఉంది. ఇక్కడ పన్ను ఎగ్గొట్టిన మనిషి నలభై కిలోమీటర్ల అవతల దర్జాగా వ్యాపారం చేసుకుంటున్నాడు. హోసూరు చిరునామాకు రశీదుతో కూడిన రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపించాం. బిల్లు నంబర్లు, తేదీలు, పన్ను మొత్తం రాసి, బెంగళూరు త్రీబీ వేయకపోతే ఈ చిరునామాను శాఖకు అందజేస్తామని చెప్పాం. అదే ఉత్తరం నకలును అధికారికి ఇచ్చిన జవాబుతో జతపరిచాం. నలభై రోజుల్లో ఆ త్రీబీ వచ్చింది. బెదిరించామని అనుకోవద్దు. ఆయన వసూలు చేసుకున్న ప్రభుత్వం సొమ్మును ప్రభుత్వానికి కట్టమన్నాం, అంతే.

చట్టం ఈ విషయంలో అధికారి చేతులు కట్టేయలేదు. మీ జవాబుకు బలం అక్కడే ఉంది. 75వ సెక్షన్, 12వ ఉపసెక్షన్‌కు 2022 జనవరి 1 నుంచి ఒక వివరణ చేర్చారు. జీఎస్టీఆర్-1లో చూపించి త్రీబీలో చూపించని పన్నును, సప్లయర్ తానే ఒప్పుకున్న పన్నుగా లెక్కించాలి. అలాంటి పన్నుకు కొత్తగా షోకాజ్ నోటీసు ఇవ్వనక్కర్లేదు, 79వ సెక్షన్ కింద నేరుగా వసూలుకు దిగవచ్చు. ఆ సెక్షన్ కింద, ఒకే పాన్ మీద వేరే రాష్ట్రంలో ఉన్న రిజిస్ట్రేషన్‌ను కూడా అదే మనిషిగా చూస్తారు. మీ పదహారు బిల్లులూ ఆయన జీఎస్టీఆర్-1లో, ఐఎఫ్ఎఫ్‌లో ఉన్నాయి కాబట్టే మీ టూబీలోకి వచ్చాయి. అంటే ఆయన చేత్తో రాసిచ్చిన ఒప్పుకోలు శాఖ కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని అలాగే వదిలేసి కొన్నవాడి దగ్గరకు రావడం ఎందుకని మర్యాదగా, లిఖితపూర్వకంగా అడగండి.

దీనికి తోడుగా చూపించదగిన తీర్పులు రెండు. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2021 ఫిబ్రవరిలో డి.వై. బీథెల్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో, అమ్మినవాడిని విచారించకుండా కొన్నవాడి మీదే ఉత్తర్వులు ఇవ్వడాన్ని తప్పుపట్టి వాటిని కొట్టేసి, మళ్లీ విచారించమంది. కలకత్తా హైకోర్టు 2023 ఆగస్టులో సన్‌క్రాఫ్ట్ ఎనర్జీ కేసులో ముందు సప్లయర్ మీద చర్య తీసుకోవాలని చెప్పింది. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అయితే సన్‌క్రాఫ్ట్ తీర్పు ఆధారపడిన 2018 నాటి జీఎస్టీ మండలి ప్రకటనల్లోనే ఒక మినహాయింపు ఉంది. సప్లయర్ దొరకకుండా పోతే, వ్యాపారం మూసేస్తే, వసూలుకు తగిన ఆస్తి లేకపోతే కొన్నవాడి దగ్గరకు రావచ్చు. మీ అధికారి పట్టుకునేది సరిగ్గా దాన్నే. పాన్ వెతకమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే. నడుస్తున్న ఇంకొక రిజిస్ట్రేషన్ దొరికితే "దొరకని సప్లయర్" అనే మాట నిలబడదు. దొరకకపోతే మాత్రం ఈ తీర్పులు మీకు ఇచ్చే బలం బాగా తగ్గిపోతుంది. ఆ సంగతి తెలిసే అడుగు వేయండి.

వెతికేటప్పుడు ఇంకొకటి చూడండి. ఆయన బెంగళూరు రిజిస్ట్రేషన్ రద్దయి ఉంటే, ఏ తేదీ నుంచి రద్దయిందో అక్కడే ఉంటుంది. అది 2024 మార్చి తరువాతిదైతే ఇబ్బంది తక్కువ. ఒక్కోసారి అధికారులు వెనకటి తేదీ నుంచి రద్దు చేస్తారు. ఆ తేదీ మీ బిల్లుల తేదీల కంటే ముందుదైతే, రిజిస్ట్రేషన్ లేనివాడి దగ్గర కొన్నారనే కొత్త వాదన వస్తుంది. అలా ఉంటే, కొన్న రోజున ఆయన రిజిస్ట్రేషన్ నడుస్తోందని, ఆ బిల్లులు ఐఎఫ్ఎఫ్‌లో, జీఎస్టీఆర్-1లో పోర్టల్‌లోకి ఎక్కడమే దానికి సాక్ష్యమని జవాబులో రాయాలి.

ఇప్పుడు రెండో పెద్ద విషయం. నిజానికి నాకు దీని మీదే ఎక్కువ దిగులు. మీ బిల్లులు ఒక్కోటి 50,000 లోపే అన్నారు. అంటే ఒక్కదానికీ సరుకు రవాణాకు పోర్టల్‌లో తీసుకునే ఈ-వే బిల్లు లేదు. అవసరం లేదు కూడా, అందులో తప్పేమీ లేదు. కానీ సరుకు మీ దుకాణానికి నిజంగా వచ్చిందనడానికి ప్రభుత్వ కంప్యూటర్‌లో ఆనవాలు లేదన్నమాట. రిటర్ను వేయకుండా మూసేసిన సప్లయర్ అనగానే అధికారి మనసులో మొదట మెదిలేది బోగస్ బిల్లు అనే అనుమానం. క్రెడిట్ అర్హతను నిరూపించవలసింది తీసుకున్నవాడే అని 155వ సెక్షన్ చెబుతుంది. సుప్రీంకోర్టు 2023 మార్చి 13న కర్ణాటకకు చెందిన ఈకామ్ గిల్ కాఫీ కేసులో, బిల్లూ, చెక్కు చెల్లింపూ చూపించినంత మాత్రాన సరిపోదని చెప్పింది. సరుకు తెచ్చిన వాహనం వివరాలు, కిరాయి చెల్లింపు, సరుకు అందినట్టు రశీదు వంటివి చూపించాలంది. అది పాత వ్యాట్ చట్టం మీద వచ్చిన తీర్పు. అయినా ఇక్కడి జీఎస్టీ కేసుల్లో నా ముందుకు అది చాలాసార్లు వచ్చింది.

అనుమానం బలపడితే జరిగేది ఏమిటో తెలుసుకోండి. ఇప్పుడు మీ కేసు 73వ సెక్షన్ కింద, అంటే మోసం లేని లోటుగా ఉంది. బోగస్ అని తేల్చితే 74వ సెక్షన్ కిందికి మారుతుంది. అక్కడ జరిమానా పన్నుకు సమానంగా పడవచ్చు. కాబట్టి సప్లయర్ దొరికినా దొరకకపోయినా, సరుకు వచ్చిందని చూపించే కాగితాలు పోగు చేయడం తప్పనిసరి.

ఎస్.జె.పి. రోడ్డు నుంచి సరుకు ఎలా వస్తుందో నాకు తెలుసు. గూడ్స్ ఆటోలో వేసుకుని, డ్రైవర్‌కు నాలుగైదు వందలు ఇచ్చి పంపించేస్తారు. రశీదు ఎవరూ అడగరు. నా దగ్గరకు వచ్చిన ఒక శానిటరీ సామాన్ల వ్యాపారి కూడా కిరాయికి కాగితమే లేదన్నారు. కిరాయి ఎలా ఇచ్చేవారని అడిగితే ఫోనులో అన్నారు. బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచాం. బిల్లు తేదీల్లోనే, కొన్నిచోట్ల మరుసటి రోజున, ఒకే పేరుకు 450, 400, 500 రూపాయలు వెళ్లి ఉన్నాయి. ఆ పేరు గలాయన ఇప్పటికీ అదే వీధిలో ఆటో నడుపుతున్నాడు. బండి నంబరు రాసి, ఏయే తేదీల్లో ఎక్కడి నుంచి ఎక్కడికి సరుకు తెచ్చాడో సంతకం చేసిచ్చాడు. అధికారి ఆ 450 రూపాయల వరుసల మీద వేలు పెట్టి ఒక్కొక్క బిల్లు తేదీతో సరిచూసుకున్నారు. ఆ తరువాత బోగస్ అనే మాట ఆ గదిలో మళ్లీ వినపడలేదు.

మీరూ అలాగే మొదలుపెట్టండి. పదహారు బిల్లులకు ఒక పట్టిక తయారు చేయండి. బిల్లు తేదీ, మొత్తం, బ్యాంకులో కట్టిన తేదీ, కిరాయి ఇచ్చిన తేదీ, ఆ సరుకును మీరు ఎవరికి ఏ బిల్లు మీద అమ్మారు. చివరి గడిని వదిలేయకండి. మీరు ఫిబ్రవరిలో 90 మీటర్ల వైరు చుట్టలు అరవై కొని ఉంటే, ఆ నెలా ఆ తరువాతి నెలా అవే రకం చుట్టలు మీ అమ్మకాల బిల్లుల్లో కనిపించాలి. కొనకుండా అమ్మడం సాధ్యం కాదు కదా. ఇంకా అమ్ముడుపోని చుట్టలు అరలో ఉంటే వాటి మీది చీటీని ఫోటో తీసి జతపరచండి. డబ్బు కట్టిన తేదీలు ఇంకొక పనికి కూడా వస్తాయి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు మొత్తం చెల్లించాలన్న షరతును మీరు మీరలేదని అవి చూపిస్తాయి.

డబ్బు లెక్కకు వద్దాం. పన్ను 1,13,400, సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ, చెరి 56,700. వడ్డీ ఏడాదికి 18 శాతం. మొత్తం మీద వేస్తే ఏడాదికి 20,412 అవుతుంది. మీకు వచ్చిన కాగితంలో బహుశా అలాగే వేసి ఉంటారు. కానీ 50వ సెక్షన్ 3వ ఉపసెక్షన్ ప్రకారం తప్పుగా తీసుకున్న క్రెడిట్‌ను వాడుకున్న మేరకే వడ్డీ. ఎంత వాడుకున్నారో లెక్కించే పద్ధతి 88బి నియమంలో ఉంది. మీ ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్‌లో నిల్వ ఆ మొత్తం కంటే కిందికి ఎంత దిగిందో అంతే వాడుకున్నట్టు. ఉదాహరణకు అప్పటి నుంచి ఇప్పటి దాకా మీ లెడ్జర్ నిల్వ అతి తక్కువగా చెరి 20,700 ఉందనుకుందాం. అప్పుడు వాడుకున్నది చెరి 36,000, రెండూ కలిపి 72,000. వడ్డీ ఏడాదికి 12,960. అది కూడా నిల్వ దిగిన తేదీ నుంచే. నిల్వ ఎప్పుడూ 56,700కు తగ్గకుండా ఉంటే వడ్డీయే లేదు. పోర్టల్‌లో లెడ్జర్‌ను 2024 ఫిబ్రవరి నుంచి దించుకుని ఈ లెక్క మీరే వేసి జవాబుకు జతపరచండి. అధికారి మీ కోసం ఈ లెక్క వేస్తారని ఎదురుచూడకండి.

జరిమానా ఎంతో కూడా చూడండి. ఇప్పుడే, అంటే డీఆర్‌సీ-01 రాకముందే పన్ను, వడ్డీ కట్టేస్తే 73వ సెక్షన్ కింద జరిమానా లేదు. డీఆర్‌సీ-01 వచ్చిన 30 రోజుల్లో కట్టినా లేదు. ఉత్తర్వు దాకా వెళ్లి ఓడిపోతే పన్నులో 10 శాతం లేదా 10,000, ఏది ఎక్కువైతే అది. మీ 56,700లో 10 శాతం 5,670 మాత్రమే కాబట్టి 10,000 వేస్తారు. కేంద్ర చట్టం కింద ఒకటి, రాష్ట్ర చట్టం కింద ఒకటి, మొత్తం 20,000.

పాన్ వెతకగా నడుస్తున్న రిజిస్ట్రేషన్ దొరికితే, సరుకు కాగితాలు గట్టిగా ఉంటే, డీఆర్‌సీ-01ఎలోని రెండో భాగంలో అభ్యంతరం రాసి పోరాడమంటాను. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వచ్చినా మూడు నెలల్లో అప్పీలు ఉంది. ముందుగా కట్టవలసింది వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం, మీకు 11,340. కానీ హైకోర్టు దాకా వెళ్లే ఆలోచన ఈ మొత్తానికి చేయకండి. వకీలు ఖర్చే పన్నును దాటిపోతుంది.

సప్లయర్ జాడ పూర్తిగా లేకపోతే, క్రెడిట్‌ను ఇప్పుడే వెనక్కి ఇచ్చేయమంటాను. అది బాధాకరమే, కానీ ఎలా ఇస్తారన్నది చాలా ముఖ్యం. చాలామంది కన్సల్టెంట్లు తొందరపడి, స్వచ్ఛందంగా పన్ను కట్టే పత్రమైన డీఆర్‌సీ-03లో డబ్బు కట్టించేస్తారు. మీరు మీ త్రీబీలోనే 4(B)(2) అనే గడిలో వెనక్కి ఇవ్వండి. అది మళ్లీ తీసుకునే అవకాశం ఉన్న మొత్తాలకు కేటాయించిన గడి. అక్కడ చూపించిన మొత్తం పోర్టల్‌లోని Electronic Credit Reversal and Re-claimed Statement అనే లెక్కలో మీ పేరు మీద నిలిచి ఉంటుంది. రేపు ఆయన త్రీబీ వేస్తే 4(A)(5)లో దాన్ని మళ్లీ తీసుకుని, 4(D)(1)లో కూడా చూపిస్తారు. పక్కనే ఉన్న 4(B)(1)లో వేస్తే అది శాశ్వతంగా వదులుకున్నట్టు. డీఆర్‌సీ-03లో కట్టిన డబ్బు ఈ లెక్కలోకి రానే రాదు, తిరిగి రాబట్టడానికి వేరే తంటాలు పడాలి. వాడుకున్న మేరకు పడే వడ్డీని మాత్రం నగదుగా కట్టి, త్రీబీ నకలు, వడ్డీ లెక్క, చలానా జవాబుకు జతపరచి, 37ఎ నియమం కింద వెనక్కి ఇచ్చాను, సప్లయర్ రిటర్ను వేస్తే మళ్లీ తీసుకునే హక్కు ఉంచుకుంటున్నాను అని ఒక వాక్యం తప్పకుండా రాయండి.

ఆ ఎదురుచూపుకు ఒక హద్దు ఉంది. గడువు తేదీ నుంచి మూడేళ్లు దాటిన రిటర్నును వేయడానికి చట్టం ఇప్పుడు ఒప్పుకోదు. మీ సప్లయర్ త్రీబీ గడువు 2024 ఏప్రిల్ 22 కాబట్టి, ఆయన దాన్ని వేయగలిగేది 2027 ఏప్రిల్ 22 దాకానే. తరువాత ఆయనకు బుద్ధి వచ్చినా లాభం లేదు. అందుకే ఆయన పాన్ మీద కొత్త రిజిస్ట్రేషన్ ఏదైనా పుట్టిందా అని అప్పటిదాకా రెండు నెలలకోసారి వెతుకుతూ ఉండండి. ఆయన మీద సివిల్ దావా వేసే ఆలోచన ఉంటే దానికీ కాలపరిమితి ఉంది. వకీలు చేత లీగల్ నోటీసు మాత్రం ఇప్పుడే పంపించండి. అది మీ నిజాయితీకి అధికారి ముందు ఒక రుజువుగా కూడా ఉంటుంది.

ఇక మీద కొనుగోళ్లకు ఒక అలవాటు చేసుకోండి. ప్రతి నెల 25వ తేదీన Search Taxpayer లో సప్లయర్ నంబరు కొట్టి Show Filing Table చూడండి. జీఎస్టీఆర్-3బి వరుసలు నెలనెలా ఉంటే నెలవారీ వ్యాపారి. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లకే ఉంటే మూడు నెలలవాడు. వాడితో ప్రమాదం మూడు రెట్లు. అలాంటివాడి దగ్గర ఎక్కువ కొనేటప్పుడు సరుకు ధర ఇచ్చేసి, పన్ను భాగాన్ని త్రీబీ కనిపించాక ఇస్తానని మాట్లాడుకోండి, 180 రోజులు దాటకుండా. పెద్ద హోల్‌సేలర్లు దీనికి ఒప్పుకోరు, కానీ చిన్న సప్లయర్లలో ఒప్పుకున్నవాళ్లను నేను చూశాను. ఇందులోనూ ఒక లోపం ఉంది. త్రీబీ వేసినట్టు కనిపించినా, అందులో మీ బిల్లు పన్నును పూర్తిగా చూపించాడా లేదా అన్నది మీకు కనపడదు. కాబట్టి 450 రూపాయల ఆటో కిరాయిని కూడా ఫోనులోనే ఇవ్వండి, నగదు వద్దు.

పాన్ వెతికితే ఏం వచ్చిందో, బెంగళూరు రిజిస్ట్రేషన్ ఏ తేదీ నుంచి రద్దయిందో, డీఆర్‌సీ-01ఎలో జవాబుకు గడువు ఎప్పటిదో ఇక్కడ రాయండి. నంబర్లు, పేర్లు తీసేసి రాయండి. అభ్యంతరం రాయాలా, 4(B)(2)లో వెనక్కి ఇవ్వాలా అన్నది ఆ మూడు చూశాక చెబుతాను.